ఇరవై నిమిషాల్లో రాగలను

"ఏవమ్మా డాక్టరమ్మా! నా కూతురు నెత్తురు కారి చచ్చిపోతుంటే నువ్వెక్కడ పడుకున్నావ్?"

పొద్దున్నే ఆ కేకకి చిలకలూరిపేటలో ఆ వీధి వీధంతా తలుపులు తీసుకుని చూసింది. జెస్సీ నోట్లో బ్రష్షు అలాగే పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ఎదురుగా బుల్లయ్య, వెనక అతని తాలూకు నలుగురు మగాళ్లు, రెండు మోటారుసైకిళ్లు. నాలుగెకరాల మిరప చేను కౌలుకి చేసే మనిషి. జెస్సీ తల్లి ప్రేమమ్మ ఎనిమిది సీజన్లు అతని చేలోనే కాయ కోసింది, అతని కళ్లంలోనే తొడిమలు తీసింది. ఆ పరిచయం ఇవాళ అతనికి గుర్తున్నట్టు లేదు.

"బుల్లయ్య గారూ, ఏంటండీ ఈ గోల?" అంటూ ప్రేమమ్మ అడ్డం వచ్చింది.

"నువ్వు పక్కకి జరుగు ప్రేమమ్మా. నీ కూతుర్ని చెప్పమను. రాత్రి డ్యూటీ డాక్టరని బోర్డు మీద పేరు రాయించుకుని, ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుంటే సరిపోద్దా?"

జెస్సీకి ముందు అర్థం కాలేదు. అతని మాటల్లోంచే సంగతి ఒక్కొక్కటిగా తెలిసింది. బుల్లయ్య కూతురు కోటేశ్వరి తొలికాన్పుకి హైవే పక్కన, జిన్నింగ్ మిల్లుకి ఎదురుగా ఉన్న ముప్పై పడకల ఆస్పత్రిలో చేరింది. బిడ్డ పుట్టాడు. తల్లికి రక్తస్రావం ఆగలేదు. నర్సులు ఫోన్లు చేసుకుంటూ కూర్చున్నారు. చివరికి గుంటూరు తీసుకుపొమ్మని అంబులెన్సు ఎక్కిస్తే, దార్లోనే ప్రాణం పోయింది. అది జరిగి ఎనిమిది రోజులైంది. డాక్టర్ ఎవరని బుల్లయ్య నిలదీస్తే మేనేజరు యలమందయ్య గోడకున్న బోర్డు చూపించాడట. రాత్రి డ్యూటీ, స్త్రీల వైద్య నిపుణురాలు: డాక్టర్ జెస్సీ. ఆవిడ రాలేదండీ, మమ్మల్నేం చేయమంటారు అన్నాడట.

ఆ ఆస్పత్రి గడప జెస్సీ ఒక్కసారి కూడా తొక్కలేదు. ఆమె చేసిందల్లా మూడు నెలల కిందట వాళ్లకి ఒక మెయిల్ పెట్టడం.

"నేను అక్కడ పని చెయ్యట్లేదండీ" అంది.

"అబద్ధాలాడకు!" అన్నాడు బుల్లయ్య, వేలు ఆమె మొహం దాకా పెట్టి. "నీ సర్టిఫికెట్టు వాళ్ల ఫైల్లో ఉంది. నా కళ్లతో చూశాను. జిల్లా ఆరోగ్య శాఖ ఆఫీసులో కాయితం పెట్టాను. నీ డాక్టరు చదువు ఊడబీకించకపోతే నా పేరు బుల్లయ్య కాదు."

అతనిది కడుపుమంట. దాన్ని తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాదు. కానీ ఆ మంటని ఈ గుమ్మం మీదికి మళ్లించిన వాళ్ల మీద మాత్రం ఈ కథ చెప్పేవాడికి దయా దాక్షిణ్యం లేదు. ఆ మాట ముందే చెబుతున్నాను.

జెస్సీ చదువంతా తల్లి వేళ్ల మంట మీదే నడిచింది. తొడిమలు తీసి వచ్చిన చేతులతో అన్నం కలిపి పెడితే పిల్ల నాలిక మండేది. అందుకని ప్రేమమ్మ గరిటెతో పెట్టేది. ఎంబీబీఎస్ అయింది, గుంటూరులో పీజీ అయింది. పేటకి వచ్చి ఒక గది అద్దెకి తీసుకుని పగటిపూట రోగుల్ని చూడటం మొదలుపెట్టింది. గర్భిణులు వచ్చేవాళ్లు, చూపించుకునేవాళ్లు. కాన్పుకి మాత్రం ఇంకెక్కడికో పోయేవాళ్లు. కాన్పు చేయడానికి ఆపరేషన్ థియేటరూ, రక్తమూ, మత్తు డాక్టరూ ఉన్న చోటు కావాలి. అందుకే హైవే ఆస్పత్రివాళ్లు డాక్టరు కావాలని ప్రకటన వేయగానే ఆశపడి మెయిల్ రాసింది.

ఇంగ్లీషులో రాసిన ఆ మెయిల్ తెలుగులో చెబితే ఇంతే. నా పేరు ఫలానా. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్లో నా రిజిస్ట్రేషన్ నంబరు ఫలానా, ఫలానా తేదీ దాకా చెల్లుతుంది. ప్రసూతి, స్త్రీల వ్యాధుల్లో పీజీ పూర్తిచేశాను. ఆ అదనపు అర్హతని కౌన్సిల్లో నమోదు చేయమని దరఖాస్తు పెట్టాను, ఇంకా రాలేదు, రాగానే పంపుతాను. ఆదివారం తప్ప ఏ రాత్రయినా డ్యూటీ చేయగలను. డ్యూటీ లేని రాత్రి కూడా అత్యవసరమైతే ఈ ఫోన్ నంబరుకి చేయండి, ఇరవై నిమిషాల్లో రాగలను.

దానికి సర్టిఫికెట్ కాపీ జత చేస్తుంటే ప్రేమమ్మ వెనక నిలబడింది. "అడ్డంగా రాశావా?" అని అడిగింది. ఒకప్పుడు ఎవడో పెన్షన్ ఇప్పిస్తానని ఆవిడ ఆధార్ కాపీ తీసుకెళ్లి, దాంతో రెండు సిమ్ కార్డులు కొన్నాడు. పోలీసులు ఇంటికొచ్చారు. ఆనాటి నుంచి ఆ ఇంట్లోంచి ఏ కాపీ బయటికి పోయినా, ఎందుకు ఇస్తున్నామో దాని మీద రాయాల్సిందే.

"పైన రాశానమ్మా."

"పైన రాస్తే కాయితం ముక్క అడ్డం పెట్టి జిరాక్సు తీస్తారే పిచ్చిదానా. నంబరు మీద నుంచి రాయి. నంబరు లేకపోతే వాళ్లకి కాయితం ఎందుకూ కొరగాదు."

చదువుకున్న కూతురికి కోపం ముక్కుమీదికి వచ్చింది. అయినా తల్లి పోరు పడలేక మళ్లీ ప్రింటు తీసి, పైనా, నంబరు అంకెల మధ్య నుంచీ 'ఉద్యోగ దరఖాస్తు కోసం మాత్రమే' అని రాసి, తేదీ వేసి, స్కాన్ చేసి పంపింది. జవాబు రాలేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే యలమందయ్య 'సార్ బిజీ' అన్నాడు. మూడోసారి ఎత్తలేదు.

బుల్లయ్య వచ్చి వెళ్లిన గంటకి జెస్సీ స్కూటీ మీద ఆ ఆస్పత్రికి పోయింది. బోర్డు మీద తన పేరు చూసుకుంది. ఒళ్లు మండిపోయింది. యజమాని డాక్టర్ చైతన్యకృష్ణ ఆమెని లోపలికి పిలిచి, ఎంతో మర్యాదగా కుర్చీ చూపించాడు.

"చూడమ్మా, మెయిల్ నువ్వే పెట్టావు. రాత్రులు వస్తానని నువ్వే రాశావు. ఆస్పత్రి రిజిస్ట్రేషన్ ఫైల్లో ఒక లేడీ స్పెషలిస్టు పేరు చూపించాలి, చూపించాం."

"నన్ను అడక్కుండానా? పేరు చూపించాలంటే నా సమ్మతి పత్రం ఉండాలి కదా, దాని మీద సంతకం ఎవరిది సార్?"

"అవన్నీ ఇప్పుడు ఎందుకు?" అంటూ సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. నియామకపు ఉత్తరం. తేదీ మాత్రం రెండున్నర నెలల కిందటిది, డిసెంబరు ఒకటి. "దీని మీద సంతకం పెట్టు. ఇవాళే ఉద్యోగం నీది. కౌన్సిల్లో కేసు వస్తే మా లాయరే చూసుకుంటాడు. ఆ రాత్రి ఒంట్లో బాగోలేక రాలేకపోయానని చెబుదువుగాని."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే డ్యూటీ ఎగ్గొట్టావని మేమే చెబుతాం. నీది ఒక్క గది క్లినిక్. మాది ముప్పై పడకలు. ఎవరి మాట చెల్లుద్దో ఆలోచించుకో."

ఎంత నెమ్మదిగా అన్నాడో! కడుపులో కత్తులు పెట్టుకుని అంత నెమ్మదిగా మాట్లాడే మనుషుల్ని చూస్తే నాకు పళ్లు పటపటలాడతాయి. జెస్సీ ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీయబోయింది. యలమందయ్య చటుక్కున లాక్కున్నాడు. ఆమె లేచి బయటికి వచ్చి, అంతసేపూ బిగపట్టుకున్న ఏడుపు స్కూటీ దగ్గర ఏడ్చింది.

పదిహేను రోజులకి నరసరావుపేటలో జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఆఫీసు నుంచి విచారణకి రమ్మని కాగితం వచ్చింది. ఈలోగా క్లినిక్‌కి వచ్చేవాళ్లు సగానికి సగం తగ్గారు. వీధిలో ఆడవాళ్లు ఆమెని చూసి మాట ఆపేసేవాళ్లు. తప్పని తేలితే సంగతి కౌన్సిల్‌కి పోతుంది. రిజిస్ట్రేషన్ నిలిపేస్తే ఆ నంబరుతో పాటు తల్లి ఇరవై ఏళ్ల చాకిరీ కూడా మట్టిలో కలుస్తుంది. ఆ రాత్రులు జెస్సీకి నిద్ర లేదు.

విచారణాధికారి డాక్టర్ అన్వర్ మాట కటువైన మనిషి. బల్లకి ఒక పక్క చైతన్యకృష్ణ, యలమందయ్య. ఇంకో పక్క జెస్సీ. తలుపు దగ్గర బెంచీ మీద బుల్లయ్య. ప్రేమమ్మని వరండాలోనే ఆపేశారు.

"డిసెంబరు ఒకటిన చేరింది సార్" అన్నాడు చైతన్యకృష్ణ. "చేరిన రోజు సర్టిఫికెట్లు తెచ్చి సమ్మతి పత్రం ఇచ్చింది. ఆ రాత్రి ఫోన్ చేశాం, ఎత్తలేదు."

అధికారి జెస్సీ వైపు చూశాడు. "రాత్రి డ్యూటీకి వస్తానని మెయిల్లో రాశారు. అవునా కాదా?"

"రాశాను సార్. కానీ..."

"అడిగిందానికి చెప్పండి."

"అవును సార్."

బుల్లయ్య బెంచీ మీద నుంచి "విన్నారా!" అన్నాడు. అధికారి గద్దించాడు. జెస్సీ గొంతు పెంచింది. "సార్, చేరిన రోజు ఇచ్చానంటున్న ఆ సర్టిఫికెట్ కాపీ ఒకసారి చూడండి. నంబరు దగ్గర చూడండి."

అధికారి ఫైలు తిప్పాడు. కాగితం పై భాగమంతా తెల్లగా శుభ్రంగా ఉంది, అక్కడ రాసిన మాటల జాడే లేదు. నంబరు దగ్గర మాత్రం అంకెల మధ్య నుంచి సన్నటి అక్షరాలు అడ్డంగా పోతున్నాయి. కళ్లజోడు సవరించుకుని పైకి చదివాడు. "ఉద్యోగ దరఖాస్తు కోసం మాత్రమే. పంతొమ్మిది నవంబరు."

ఆ కాగితాన్ని బల్ల మీద అవతలి పక్కకి తిప్పి పెట్టాడు.

"చేరినప్పుడు ఇచ్చిన కాపీ ఏది చైతన్యకృష్ణ గారూ?"

"అదే... అదే వాడాం సార్."

"అంటే చేరినప్పుడు ఏమీ ఇవ్వలేదు. సరే, హాజరు పట్టీ? జీతం వేసిన ఆధారం? పోనీ, ఆవిడ అదనపు అర్హత కౌన్సిల్లో నమోదైందే ఫిబ్రవరిలో. ఇంకా నమోదు కాలేదని మెయిల్లో ఆవిడే రాసింది. మీరు డిసెంబరులో స్పెషలిస్టని ఎలా చూపించారు?"

చైతన్యకృష్ణ యలమందయ్య వైపు చూశాడు. యలమందయ్య లేచి నిలబడ్డాడు. "సార్ నంబరు ఉంటే చాలన్నారండీ. మెయిల్ మొత్తం నేను చదవలేదు."

"ఆ రాత్రి ఫోన్ చేశామన్నారు. ఏ నంబరుకి?"

చైతన్యకృష్ణ తన ఫోన్ తీసి అటూ ఇటూ తిప్పి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అధికారి ఎర్ర సిరాతో ఏదో రాసుకున్నాడు. సంతకం ఫోర్జరీ గురించి పోలీసులకి రాస్తానన్నాడు. ఆస్పత్రి అనుమతి మీద పైకి నివేదిక పంపుతానన్నాడు. జెస్సీతో మీరు వెళ్లొచ్చన్నాడు. క్షమించమని ఎవరూ అడగలేదు. చైతన్యకృష్ణ పక్క నుంచి పోతూ "పేటలో ఎలా ప్రాక్టీసు చేస్తావో చూస్తాను" అని మాత్రం అన్నాడు.

వరండాలో ప్రేమమ్మ ఆత్రంగా లేచింది. "నంబరు మీద రాసింది పట్టిచ్చిందా?" అంది. జెస్సీ తలూపి తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బుల్లయ్య వెనకే వచ్చాడు. కోపం మొహం మీద అలాగే ఉంది, దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియనట్టు. "నువ్వు అక్కడ పని చెయ్యలా" అన్నాడు.

"లేదండీ."

"మరి ఆ రాత్రి డాక్టరెవరు?"

"ఎవరూ లేరండీ. బోర్డు ఒక్కటే ఉంది."

అతను ఇంకో అడుగు ముందుకి వేశాడు. "ఆ మెయిల్లో ఇంకేం రాశావు? చదువు."

వద్దని తల్లి కళ్లతోనే వారించింది. జెస్సీ ఫోన్ తీసింది. ఇంగ్లీషు ముక్కని తెలుగు చేస్తూ నెమ్మదిగా చదివింది. చివరి వాక్యం దగ్గర తల్లి వైపు ఒకసారి చూసింది. అయినా పూర్తిచేసింది. "అత్యవసరమైతే ఈ నంబరుకి చేయండి. ఇరవై నిమిషాల్లో రాగలను."

"మా పిల్ల మూడు గంటలు బతికుంది" అన్నాడు బుల్లయ్య. "ఆ రాత్రి నువ్వెక్కడున్నావు?"

"ఇంట్లోనే ఉన్నానండీ. ఫోన్ తలగడ పక్కనే ఉంది."

బుల్లయ్య గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు.