కుడి అట్ట నుంచి

దుకాణం తలుపు తీయగానే లక్ష్మీదుర్గ చేసే మొదటి పని ఫోన్ వెనక కెమెరా అద్దాన్ని చీర కొంగుతో తుడవడం. పర్చూరు బస్టాండు ఎదుట మిరపకాయల లారీలు పోతుంటే ఎర్రటి దుమ్ము లేస్తుంది. అద్దం మీద కాస్త దుమ్ము పడినా పేజీలో అక్షరాలు అలుక్కుపోతాయి. జిరాక్స్ మిషన్ సంగతి తర్వాత.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు క్లాసుల్లో పడ్డ పిల్లలు. స్నేహితుల నోట్సు తెస్తారు. దుర్గ పేజీలు ఫోటో తీసి ఏఐకి ఇచ్చి తెలుగు చేయిస్తుంది. శీర్షికలు, చిన్న పేరాలు, చివర ప్రశ్నలు పెట్టించి ప్రింటు చేతిలో పెడుతుంది. పరీక్షలో రాయాల్సిన మాటలు మాత్రం తెలుగు పక్కనే ఇంగ్లీషులో ఉన్నవి ఉన్నట్టు ఉంచుతుంది.

సైమా తెచ్చింది ఉర్దూ నోట్సు. యునానీ వైద్యం మొదటి సంవత్సరం చదువుతున్న ఆ పిల్ల టైఫాయిడ్‌తో ఇంటికి వచ్చి క్లాసులు పోగొట్టుకుంది, ఒక పేపరు తప్పింది. అచ్చు ఉర్దూ కూడబలుక్కుని చదువుతుంది కానీ చేతిరాత ఆమెకు అందదు. హైదరాబాదు స్నేహితురాలి పుస్తకం ఆర్టీసీ పార్సిల్లో వచ్చేసరికి సప్లిమెంటరీ పరీక్ష ఎల్లుండికి వచ్చింది. తెల్లారగానే కాలేజీకి బస్సెక్కాలి. ఈసారీ పోతే ఏడాది పోతుంది.

"ఉర్దూ కూడా చదువుద్దా అక్కా నీ ఫోను?"

"చూద్దాం పెట్టిపో. నాకు మాత్రం రాదు," అంది దుర్గ.

పేజీ పేజీ వెలుతురులో పెట్టి, నీడ పడకుండా ఫోటోలు తీసింది. ఏఐ నిమిషాల్లో తెలుగు చేసిపెట్టింది. ఒక్క తడబాటు లేని నోట్సు. దుర్గకే ముచ్చటేసింది.

మధ్యాహ్నం ప్రింటు తీసుకువెళ్లిన సైమా గంట తిరక్కుండా పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, ఇందులో ముందు మందు, తర్వాత జబ్బు, ఆ తర్వాత జబ్బంటే ఏంటో ఉంది."

"మీ యునానీ అంతేనేమో అనుకున్నా."

"కాదక్కా. ఇది చూడు. కఫం స్వభావం వేడి, పొడి అంట. కఫం చల్లన, తడి. మొదటి రోజే చెప్పారు. వేడి, పొడి అనేది పసుపు పిత్తం."

దుర్గ ప్రింటు లాక్కుని పుస్తకం పక్కన పెట్టి చూసింది. "నేనేం కల్పించలేదే సైమా. ఉన్నదే పెట్టా."

"ఎటునుంచి తీశావు?"

దుర్గ మామూలుగా పుస్తకం తెరిచే వైపు చూపించింది, ఎడమ అట్ట. సైమా నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఉర్దూ కుడినుంచి మొదలవుద్ది అక్కా. నువ్వు ఆఖరి పేజీ నుంచి మొదటికి నడిచావు."

"పేజీలకు నంబర్లన్నా వెయ్యదా మీ స్నేహితురాలు?"

తప్పు ఎలా జరిగిందో ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. ఒక పేజీ చివర 'కఫం స్వభావం' అని ఆగింది. మిగతా ముక్క తర్వాతి పేజీలో ఉంది. వరస తిరగబడేసరికి, పుస్తకంలో దానికి ముందున్న పేజీ మొదట్లోని పిత్తం ముక్క, 'వేడి, పొడి' అనేది, వచ్చి దానికి అంటుకుంది. చక్కగా సర్దమన్నారు కదా అని ఏఐ అతుకు కనపడకుండా నున్నగా సర్దేసింది.

"మా పెళ్లి ఆల్బమే వెనకనుంచి చూస్తానని మా ఆయన తిడతాడు," అంది దుర్గ, చేతులు అప్పుడే ఫోన్ మీద ఆడుతుండగా. "కూర్చో. బస్సు రేపు కదా."

ఈసారి ఫోటోలను చివరినుంచి మొదటికి పేర్చి, నంబర్లు వేసి ఏఐకి పంపింది. ముందు అనువాదం వద్దంది. ఏ పేజీలో ఉన్న ఉర్దూ ఆ పేజీకే విడిగా అచ్చక్షరాల్లో ఎత్తిరాయమంది. తెలియని మాట దగ్గర ఊహించకుండా ప్రశ్నగుర్తు పెట్టమంది. సైమా ఆ అచ్చు ఉర్దూని వేలు పెట్టి కూడబలుక్కుంటూ పుస్తకంతో పోల్చింది. చేతిరాత అంతకుముందు గీతల్లా కనపడింది, ఇప్పుడు ఒక్కో మాటా బయటపడుతుంటే గొంతు పెరిగిపోయింది.

"అక్కా, ఇది 'బల్గమ్'. కఫం. తర్వాతి పేజీ మొదట్లో 'సర్ద్, తర్'. చల్లన, తడి. కలిసింది."

"మెల్లగా చదువు తల్లీ, జనం చూస్తున్నారు."

"చూడనీ."

ప్రశ్నగుర్తులున్న మాటల్ని సైమా స్నేహితురాలికి ఫోన్ చేసి సరిచూసుకుంది. అప్పుడే తెలుగు, ఆ తర్వాతే సర్దడం. దుర్గ ఈసారి ప్రతి పేరా పక్కన అది ఏ పేజీలోదో వేయించింది. లారీల దుమ్ము మీద ఎండ పచ్చబడే వేళకి ప్రింటు వేడివేడిగా వచ్చింది. జబ్బు, కారణం, మందు వరసలో ఉన్నాయి. సైమా దాన్ని గుండెకు హత్తుకుని, చెప్పులు మర్చిపోయి, మళ్లీ వెనక్కి వచ్చి తొడుక్కుంది.

ఆ పేపరు గట్టెక్కింది. సైమా ఇప్పుడు రెండో సంవత్సరంలో ఉంది.

దుర్గ అదే దుకాణంలో అదే జిరాక్స్ మిషన్‌తో ఉంది. ఎవరు నోట్సు తెచ్చినా, అది ఇంగ్లీషైనా, మొదటి పేజీ ఏదో వాళ్లచేతే తెరిపించుకుని ఫోటో తీస్తుంది.