ఇంకాస్తక్కా, ఇనప పట్టీ అలకా

మా ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. ఆ పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. ఇనప పని చేసే మా వీధిలో అందరికీ ఆవిడ ఇంకాస్తక్క. ఇనుము వంచే పని ఆవిడది. మూడు రోలర్ల మిషనులో ఇనప పట్టీ దూర్చి అటూ ఇటూ నడిపిస్తూ ఉంటే పట్టీ మెల్లగా వంగుతుంది. చూసేవాళ్ళంతా "చాలు చాలు, సరిపోయింది" అంటారు. ఆవిడ మాత్రం తల అడ్డంగా ఊపి "ఇంకాస్త" అంటుంది. ఎప్పుడూ అదే మాట. పేరు రాక ఏమవుతుంది?

ఆ మాటలో మొండితనం లేదు, లెక్క ఉంది. ఇనుము వంగినంత సేపూ బుద్ధిగా వంగుతుంది. మిషను పట్టు వదిలామా, కొంత వెనక్కి వచ్చేస్తుంది. చెక్క అచ్చుకు సరిగ్గా అతికింది కదా అని వదిలేస్తే పని చెడినట్టే. అందుకే కావలసిన దానికంటే ఎక్కువ వంచాలి. అది అలిగి వెనక్కి వచ్చాక అచ్చుకు కూర్చోవాలి. ఆ వెనక్కి రావడాన్ని మా ఆవిడ 'అలక' అంటుంది. "దీనికి అలక ఎక్కువండీ, గట్టి ఇనుము" అంటుంది, పట్టీని చేత్తో తట్టి. పెళ్ళయిన కొత్తలో ఆ మాట నా గురించేమోనని ఉలిక్కిపడేవాణ్ణి.

నేను బస్సు డిపోలో పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుని పేపరు మడతలు లెక్కపెడుతుంటే చూడలేక తన షెడ్డులో రంగులు వేసే పనిలో పెట్టుకుంది. పెట్టుకునే ముందు ఒక పాత తలుపు ఇచ్చి నా పనితనం చూసింది లెండి. కట్టుకున్న మొగుడికి పరీక్ష! నెగ్గాననే అనుకుంటున్నాను. ఇంతవరకూ పొమ్మనలేదు.

ఆ షెడ్డు కొత్తది. అంతకు ముందు వీధి మొదట్లో ఉన్న పెద్దాయన షెడ్డులోనే ఆవిడ పనిచేసేది. పెద్దాయన మంచివాడే. కానీ అక్కడ ఆవిడ వంచిన ప్రతి పనీ ఆయన పేరు మీదే బయటికి వెళ్ళేది. జుట్టు నెరిశాక ఒకరోజు "నాకూ ఒక మిషను ఉంటే బాగుంటుందండీ" అంది అన్నం పెడుతూ. అంతే, అదే పట్టు పట్టింది. విడిపోయే రోజున పెద్దాయన నవ్వుతూ "నీ స్టూలు అలాగే ఉంచుతానమ్మా, ఎప్పుడైనా రావచ్చు" అన్నాడు. మంచి మాటే. మా ఆవిడకు మాత్రం ఆ స్టూలు కాలిలో ముల్లయింది.

కొత్త షెడ్డుకు మొదటి పని పిల్లల ఆసుపత్రి నుంచి వచ్చింది. వెనక తోటలో పిల్లలు ఊగడానికి ఒక పడవ కావాలి. నడవలేని పిల్లలు చక్రాల కుర్చీతో సహా ఎక్కి ఊగేంత పెద్దది. కింద రెండు వంపు పట్టీలు ఉంటాయి, వాటి మీదే పడవ ముందుకూ వెనక్కూ ఊగాలి. ఆ రెంటి వంపూ ఒక్కలాగే ఉండాలి. లేకపోతే ఊగినప్పుడల్లా పడవ ఓ పక్కకు జరుగుతుంది. ఆసుపత్రి మేనేజరు ఖచ్చితమైన మనిషి. "ఆదివారం పిల్లలు ఎక్కాలి. శుక్రవారానికి పట్టీలు కుదరకపోతే పెద్దాయన షెడ్డుకు ఇచ్చేస్తాను, ఏమీ అనుకోకండి" అన్నాడు. ఆయన వెళ్ళాక మా ఆవిడ నాతో "మొదటి పనే అటు వెళ్ళిపోతే దాని వెనకే నేనూ వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చుంటాను. ఈ షెడ్డుకు తాళం వేసేద్దాం" అంది. తమాషాకు అనలేదు. ఆవిడ తమాషాకు అనే మాటలు నాకు తెలుసు.

పట్టీలు రెండూ ఒకే పొడుగు పట్టీలోంచి కోసినవి. బొటనవేలంత మందం. మొదటిదాన్ని అరచెయ్యి వెడల్పంత ఎక్కువ వంచి వదిలింది. పట్టీ మెల్లగా తెరుచుకుంటూ వచ్చి చెక్క అచ్చును వాటేసుకున్నట్టు కూర్చుంది. ఎక్కడా వెలుతురు దూరలేదు. నేను చప్పట్లు కొట్టాను. "రంగు డబ్బా ఒలికింది చూసుకోండి" అంది ఆవిడ, కానీ మొహం వెలిగిపోతోంది.

ఇక ఆ పట్టీ అడుగున, నేలకు ఆనే వైపు, పొడవునా ఒక గాడి తీయాలి. అందులో రబ్బరు అంటిస్తే పడవ జారదు, చప్పుడు చేయదు. గాడి తీసే మిషను పక్క షెడ్డులో మా తోడల్లుడి దగ్గర ఉంది. మా ఆవిడ అక్క మొగుడు. మంచి పనివాడు, చెడ్డ నోటివాడు. పట్టీని బల్లకు బిగించి శుభ్రంగా గాడి తీశాడు. బిగింపులు విప్పాడు. తెచ్చి అచ్చు మీద పెడితే మధ్యలో ఆనింది, రెండు కొసలూ పైకి లేచి ఉన్నాయి. సందులో పెన్సిలు దూరింది.

"ఏం చేశావు బావా?" అంది మా ఆవిడ.

"గాడి తీశానమ్మాయ్! తీయమన్నావుగా!"

"గాడి తీయమంటే వంపు కూడా తీసేశారేమిటి అన్నయ్యగారూ?" అన్నాను నేను.

"నువ్వు రంగులు వేసుకో తమ్ముడూ. వంచిన పట్టీ వంపు నా కత్తి తింటుందా? మీ ఆవిడ వదిలినప్పుడే సరిగ్గా లేదేమో!"

అంత మాట పడనిస్తానా? నేనొకటి అన్నాను, ఆయన రెండన్నాడు. వీధిలో సుత్తి చప్పుళ్ళు ఆగిపోయాయి. మా ఆవిడ మాత్రం పట్టీ పక్కన చతికిలబడి దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. వదిలిన పట్టీ మళ్ళీ కదలడం ఆవిడ ఇంతకు ముందెప్పుడూ చూడలేదు. ఆవిడ వంచినవన్నీ కిటికీలూ, గేట్లూ, మెట్ల పక్క కమ్మీలూను. వంచాక వాటిని ఎవరూ చెక్కరు. ఒక్కసారి అలిగితే అలక అయిపోయినట్టేనని ఆవిడ లెక్క.

పడవ బొమ్మ గీసిన డిజైనరమ్మ అప్పుడే వచ్చింది, మా అరుపులు వీధి చివరిదాకా వినిపించి ఉంటాయి. అచ్చూ పట్టీ చూసి నుదురు కొట్టుకుంది.

"అక్కా, నాదే పొరపాటు. గాడి గీసింది నేను. ఇది నాకు తట్టి ఉండాల్సింది."

సుద్దముక్క తీసుకుని నేల మీద పట్టీ పక్కబొమ్మ పెద్దగా గీసింది. పైనా కిందా ఉన్న రెండు పొరలూ గీతలతో నింపి, మధ్యభాగం ఖాళీగా వదిలింది. "వంచేటప్పుడు వంపుకు బయటివైపు పొర బాగా సాగింది, లోపలివైపు పొర బాగా నలిగింది. రెండూ హద్దు దాటాయి, మళ్ళీ మునుపటిలా కాలేవు. మధ్యలో ఉన్నది మాత్రం కొంచెమే సాగింది, కొంచెమే నలిగింది. దానికి ఇంకా తిన్నగా అవ్వాలనే ఉంది. మీరు వదలగానే కొంత వెనక్కి వస్తుంది కదా, అక్కడితో ఆగడానికి కారణం ఈ పొరలే. మధ్యది తెరవాలని లాగుతుంది, పొరలు తెరవనివ్వవు. ఇద్దరి బలం సమానం. బయటికి ఏమీ కదలదు."

మా ఆవిడ బొమ్మలో ఖాళీగా ఉన్న మధ్యభాగం మీద వేలు పెట్టి చూసింది. తర్వాత ఒక్కసారిగా లేచింది.

"అంటే అలక తీరలేదన్నమాట! పైకి సర్దుకున్నట్టుంది, లోపల అలాగే ఉంది. బావ గాడి తీసి, పట్టి ఉంచిన పొరను పలచన చేశాడు. మధ్యదానికి వీలు దొరికింది."

"అదే అక్కా! సరిగ్గా అదే!"

"చూశావా, నా కత్తి తప్పు లేదు" అన్నాడు తోడల్లుడు.

"మా ఆవిడ తప్పూ లేదు" అన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వేశాం. నవ్వక ఏం చేస్తాం?

గాడి తీసే ముందు పట్టీని కొలిమిలో బాగా వేడి చేసి మెల్లగా చల్లారనిస్తే లోపలి లాగుడు చాలావరకు చచ్చిపోతుందట. అంత పొడుగు పట్టీ పట్టే కొలిమి దగ్గర్లో ఎక్కడా లేదు. ఉన్నచోటికి తీసుకెళ్ళి తెచ్చేసరికి శుక్రవారం దాటిపోతుంది. డిజైనరమ్మ ఫోనులో లెక్కలు వేస్తూ కూర్చుంది. మా ఆవిడ పెన్సిలు పట్టుకుని తిరుగుతోంది.

"లెక్క ప్రకారం ఎంత తెరుచుకోవాలి?" అని అడిగింది.

"ఇనుముకు పుస్తకంలో రాసిన బలం వేస్తే పెన్సిలు మందం కంటే రవ్వంత తక్కువ వస్తోంది. మీ ఇనుము రవ్వంత గట్టిదేమో."

"రెండోది దీని తోడబుట్టిందేగా. అదే ఇనుము, అదే మందం, అదే గాడి. అదీ పెన్సిలంతే తెరుచుకుంటుంది. అందుకని ముందే ఇంకాస్త..." అంటూ మిషను వైపు నడిచింది. డిజైనరమ్మ నవ్వుతూ లెక్క మూసేసింది.

ముందు మొదటి పట్టీని బాగుచేసింది. గాడి నలగకుండా అందులో సరిపోయే బద్ద పెట్టి రోలర్లలో ఒకసారి నడిపింది. అచ్చుకు కూర్చుంది. ఇక దాన్ని ఎవరూ చెక్కరు కాబట్టి కదలదు. తర్వాత రెండోది. ఈసారి అచ్చు మీద పెడితే కొసలు ఆనాయి, మధ్యలో సందు ఉండిపోయింది. ఆ సందులో పెన్సిలు దూర్చి చూసి తృప్తిగా తలూపింది.

"తెలిసి తెలిసి వంకర పని ఇస్తున్నావేమిటమ్మాయ్?" అన్నాడు తోడల్లుడు.

"గాడి తీయి బావా. నీకు తెలీని వంకరా?"

ఆయన గాడి తీస్తున్నంతసేపూ మా ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడింది. నాకు ఆ స్టూలే కళ్ళ ముందు కనబడుతోంది. బిగింపులు ఒక్కొక్కటే విప్పుతుంటే పట్టీ చిన్నగా కదిలింది, అందరికీ కనిపించింది. నలుగురం మోసుకొచ్చి అచ్చు మీద పెట్టాం. పెన్సిలు తీసుకుని మా ఆవిడ వంగింది. మధ్యలో పెట్టి చూసింది, దూరలేదు. కొసల్లో చూసింది, అక్కడా దూరలేదు. పెన్సిలు నా జేబులో పెట్టి, అందరూ చూస్తుండగా నా భుజం మీద తల ఆనించి నవ్వింది. ఇన్నేళ్ళ కాపురంలో వీధిలో అలా చేయడం అదే మొదలు. తోడల్లుడు దగ్గాడు. దగ్గుకోనీ అనుకున్నాను.

ఆదివారం పొద్దున పిల్లల తోటలో పడవ దింపారు. ఊపితే నేల మీద గీసిన గీత దాటలేదు, ఇటు వీసమెత్తు జరగలేదు, అటు జరగలేదు. పెద్దాయన కూడా వచ్చాడు. పట్టీల మీద చెయ్యి వేసి నిమిరి "ఆ స్టూలు ఇక వేరేవాళ్ళకు ఇచ్చేస్తానమ్మా" అన్నాడు. మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

చక్రాల కుర్చీలో ఒక చిన్నపిల్ల, చుట్టూ ఇంకొందరు పిల్లలు ఎక్కారు. నర్సు మెల్లగా ఊపింది. పడవ చప్పుడు లేకుండా ముందుకూ వెనక్కూ ఊగింది. పెద్దవాళ్ళంతా "చాలు చాలు" అన్నారు. పిల్లలు ఒక్కసారిగా గొంతెత్తి అరిచారు.

"ఇంకాస్త! ఇంకాస్త!"

మా ఆవిడ తననే పిలిచారనుకుని "ఆఁ, వస్తున్నా" అంటూ పరుగెత్తింది.