మూడో గడి

మంగళవారం, ఉదయం పదకొండుంబావు. నందిగామలో మా మనవరాలు చదివే ఇంజనీరింగ్ కాలేజీ, రెండో అంతస్తు, విభాగాధిపతి గది. టైము నేను తప్పు చెప్పడం లేదు. ఆయన నెత్తి మీద గడియారం ఉంది, మమ్మల్ని నిలబెట్టినంతసేపూ దాన్నే చూశాను.

అంతకు రెండు రోజుల ముందు, జగ్గయ్యపేటలో మా ఇంట్లో ఆ పిల్ల ఏడుస్తూ కూర్చుంది. ఒక పేపర్లో ఇరవై నాలుగు మార్కులే వచ్చాయి. పాసవడానికి ఇరవై అయిదు కావాలి. ఒక్క పేపరు పోయినా కాలేజీకొచ్చి ఉద్యోగాలిచ్చే కంపెనీకి పంపే జాబితాలో పేరుండదు. దరఖాస్తు పెట్టి తెచ్చుకున్న జవాబు పత్రం నకలు మంచం మీద పడేసింది. దాంతోపాటు మార్కుల పట్టీ.

నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక, వయోజన విద్య బడిలో. అందుకే ఫారంలో ఖాళీ గడి కనిపిస్తే నాకు ప్రాణం ఒప్పదు. ఏదో వదిలేశానని, వెనక్కి పంపుతారని భయం. ఆ పట్టీలో మూడు గడులున్నాయి. మొదటిదాంట్లో ముప్పై రెండు, రెండోదాంట్లో పదహారు. మూడోది ఖాళీ.

"ఇదేమిటే, ఇది నింపలేదేం?"

"అది మూడోసారి దిద్దితేనే అమ్మమ్మా. మొదట దిద్దినాయనకీ రెండో ఆయనకీ బాగా తేడా వస్తే మూడో ఆయనకి పంపాలి."

"ముప్పై రెండుకీ పదహారుకీ తేడా లేదా?"

పిల్ల ఏడుపు ఆపి, కాలేజీలో చేరినప్పుడు ఇచ్చిన నిబంధనల పుస్తకం వెతికి తెచ్చింది. ఇంగ్లీషులో ఉంటే చదివి తెలుగులో చెప్పింది. డెబ్బై మార్కుల పేపరుకి తేడా పదిహేను శాతం దాటితే, అంటే పదకొండు మార్కులో ఆపైనో ఉంటే, మూడోవాళ్లు దిద్దాల్సిందే. ఆపైన దగ్గరగా ఉన్న రెండు మార్కుల సగటు వేయాలి. ఇక్కడ తేడా పదహారు. మూడో మనిషికి పంపకుండా రెండూ కలిపి సగం చేసి పడేశారు.

వెంటనే ఉత్తరం రాసింది. చదివి వినిపిస్తే నాకు ఒళ్లు మండింది. మాది పేద కుటుంబమట, పరీక్షనాడు జ్వరమట, తమరు దయతల్చి ఒక్క మార్కు కలపాలట.

"నీకు జ్వరం ఎప్పుడొచ్చింది?"

"రాలేదు. అందరూ ఇట్టానే రాస్తారు అమ్మమ్మా."

"ఊరందరికీ ఒక్కరోజే జ్వరమా? తప్పు చేసింది వాళ్లు, దండాలు పెట్టేది నువ్వా? చింపెయ్."

మళ్లీ రాయించాను, రెండు కాపీలు. ఏ పేపరు, ఏ గడిలో ఎంత, పుస్తకంలో ఎన్నో పేజీలో ఏ నిబంధన, ఏం జరగలేదు, ఏం జరగాలి. అంతే. దయ అన్న మాట లేదు.

విభాగాధిపతి ఆ ఉత్తరం సగం చదివి పక్కన పెట్టారు.

"మార్కులు మేం పెంచమమ్మా. రీవాల్యుయేషన్‌కి గడువు కూడా అయిపోయింది. సప్లిమెంటరీ రాసుకోమనండి."

"పెంచమని ఎవరడిగారు సారూ? కింద సగం కూడా చదవండి."

పిల్ల నా చెయ్యి గిల్లింది. ఆయన ముఖం గంటు పెట్టుకుని చదివారు. నేను పట్టీ ఆయన ముందుకు జరిపి ఖాళీ గడి మీద వేలు పెట్టాను. వేలు తియ్యలేదు. కాసేపటికి ఆయన నిబంధనల పుస్తకం తెరిచారు, పరీక్షల విభాగానికి ఫోన్ చేశారు. "ఎట్టా వదిలేశారయ్యా దీన్ని?" అన్నారు ఫోన్లో. మాతో మాత్రం, "సరే, పంపిస్తాను, వెళ్లండి" అన్నారు.

"అందిందని రెండో కాపీ మీద సంతకం, ముద్ర వేయించండి."

పక్క బల్ల దగ్గరున్న గుమస్తా నవ్వాడు. "మా మీద నమ్మకం లేదా మామ్మగారూ?"

"నమ్మకానికేం బాబూ, పిల్ల పేపరు మీకిచ్చింది నమ్మకంతోనేగా."

ముద్ర పడింది.

మూడో మనిషి ముప్పై వేశాడు. ముప్పై రెండూ ముప్పయ్యీ కలిపి సగటు ముప్పై ఒకటి. పాస్. కంపెనీ జాబితా మూసే ముందురోజు పిల్ల పేరు ఎక్కింది. అది చాలు అంటాడు మా అల్లుడు. నాకు చాలదు. కొత్త మార్కుల కాగితంలో 'సవరించిన ఫలితం' అని ఉంది. ఎవరు తప్పు చేస్తే సవరించారో లేదు. పొరపాటైందమ్మా అని పిల్లతో ఒక్కరూ అనలేదు. అడగడం తెలియని పిల్లలు ఎంతమంది తమకే చదువు రాలేదనుకుని మళ్లీ పరీక్ష రాశారో.

వాళ్లు కాగితం మీద పెట్టలేదు గనక నేను పెడుతున్నాను. ఆ మంగళవారం ఆ గదిలో ఉన్నవాళ్లు: కుర్చీలో విభాగాధిపతి, ముద్ర వేసిన గుమస్తా, హాజరు పట్టీ కోసం వచ్చి అంతా విని తల దించుకుని వెళ్లిపోయిన లెక్చరరమ్మ, చివరిదాకా నిలబడే ఉన్న మా మనవరాలు, నేను.