బాలసుబ్బయ్య చేయించిన కొండయాత్ర

జమ్మలమడుగు తాలూకా ఆఫీసులో గుమాస్తా బాలసుబ్బయ్యకు లోకం ఇచ్చిన గొప్ప బిరుదు ఒక్కటే: "వాడుండాడులే." పెండ్లిలో వంటవాడు రాకపోతే వాడుండాడులే. కర్మకాండకు పురోహితుడు దొరక్కపోతే వాడుండాడులే. ఈ బిరుదు మొదట తగిలించిన పుణ్యాత్ముడు ఆయన అన్న అనంతపద్మనాభం. ప్రొద్దుటూరులో ప్లీడరు. తల్లిదండ్రుల మీద భక్తి అంతా ఆయనకే ఉండేది, తల్లిదండ్రులు మాత్రం తమ్ముడింట్లో ఉండేవాళ్లు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా రెండేండ్లు కాలేదు. ఒకనాడు నాయన మల్లికార్జునయ్య పడకకుర్చీలో కూర్చోని ప్రకటించినాడు.

"సుబ్బా, నేను కొండకు పోవల్ల. స్వామి పిలుస్తాండాడు."

స్వామి పిలిచినాడు సరే, ఎవరిని పిలిచినాడో చూసుకోని పిలిచుంటే బాగుండేది. మల్లికార్జునయ్య లింగాల పక్కన ఒకప్పుడు కరణం. అప్పట్లో ఆయన నడిచి వస్తాంటే ఊరు లేచి నిలబడేది. ఇప్పుడు ఆయన లేచి నిలబడాలంటే ఇద్దరు రావాలి. చక్కెరజబ్బు, పొద్దున్నే ఇన్సులిన్ సూది పడితేగానీ దినం గడవదు. పాదాలకు తిమ్మిరి, ముల్లు గుచ్చుకున్నా తెలియదు, చేతివేళ్లకూ స్పర్శ తగ్గింది. పైగా గంటకోసారి ఒంటికి పోవాలి. అమ్మ పద్మావతమ్మకు మోకాళ్లు పట్టుకోని పోయినాయి, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం.

అన్నకు కబురు పోయింది. అన్న వచ్చినాడు, కాఫీ తాగినాడు, కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నాయన కోరిక తీర్చకుంటే మనం కొడుకులమేనా సుబ్బా?" అన్నాడు. తీర్చేది ఎవరో మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది?

బాలసుబ్బయ్య ముందు ఆసుపత్రి కాంపౌండరు హబీబుల్లా దగ్గరికి పోయినాడు. నాయనకు సూది వేయడం బాలసుబ్బయ్యకు ఆయనే నేర్పించినాడు.

"ఎండాకాలం వద్దప్పా," అన్నాడు హబీబుల్లా. "వేడికి మందు చెడిపోతాది. చలికాలమూ వద్దు, మీ అమ్మ మోకాళ్లు బిగుసుకుంటాయి. చలి తగ్గినాక ఫాల్గుణమాసంలో పోండి. ఇంకోమాట. సూది వేసినాక తిండి తప్పకూడదు. తప్పితే ఒళ్లు చెమటలు పడతాది, చేతులు వణుకుతాయి, మాట తడబడతాది. అప్పుడు తెలివి ఉండంగానే చక్కెరో కలకండో నోట్లో వేసి, తరవాత అన్నం పెట్టల్ల. తెలివి తప్పినాక నోట్లో ఏమీ పోయొద్దు, డాక్టరు దగ్గరికి పరిగెత్తండి."

"మా నాయనకు చెప్పేది ఎట్ల?"

"చెప్పేది మీ నాయనకు కాదు, నీకు," అన్నాడు హబీబుల్లా. శానా తెలివైనవాడు.

రైల్లో అయితే ఎర్రగుంట్లలో ఎక్కి రేణిగుంటలో బండి మారాలి. రైలుస్టేషన్ల వంతెనలు కట్టినవాళ్లు మోకాళ్లనే వస్తువు మనిషికి ఉంటాదని మరిచిపోయినారు. బస్సులో పోతే నాయన "ఆపు" అన్నప్పుడల్లా ఆగదు. కాబట్టి ఉస్మాన్ నడిపే అద్దెకారు మాట్లాడినాడు. వెనకసీటు అమ్మకూ నాయనకూ, కాళ్ల కింద దిండు. మధ్యలో బాలసుబ్బయ్య ఒక పిర్ర మీద కూర్చోవచ్చునని లెక్కవేసుకున్నాడు.

సామాను సర్దింది భార్య కామాక్షి. మందు సీసాను మైనంగుడ్డలో చుట్టి చిన్న మట్టికుండలో దించింది. కుండకు తడిగుడ్డ చుట్టింది, ఆరినప్పుడల్లా తడపాలి. సూదిగొట్టం ఉడకబెట్టే గిన్నె, స్పిరిట్ స్టవ్వు, మెత్తని పాతగుడ్డలు, మూత ఉండే ఇత్తడిచెంబు. చెంబెందుకో అన్న అడగబోయి, అర్థమై ఊరకైనాడు. అవును, అన్న కూడా వస్తాండాడు. బయల్దేరే నాడు పొద్దున్నే జరీ పంచె కట్టుకోని ప్రత్యక్షమై, "నాయన ఆఖరి యాత్రకు నేను లేకుంటే ఎట్ల?" అన్నాడు. ఆఖరిదని నాయన అనలేదు. అన్నే ఆ మాట అని, ముందుసీటులో ఎక్కి కూర్చున్నాడు.

దోవలో బాలసుబ్బయ్య ముందే కడపలో ఒక దూరపు చుట్టాన్నీ, ఒంటిమిట్టలో పూజారినీ, రాజంపేటలో ఒక బడిపంతులునూ పట్టుకోని మూడు చోట్ల వాకిలి మెట్లులేని ఇండ్లు చూసిపెట్టుకున్నాడు. ఆగి, అమ్మ కాళ్లు చాపుకోని, మజ్జిగన్నం తిని, కాసేపు పడుకోని కదలడం. పద్ధతి బ్రహ్మాండంగా ఉంది. ఒక్కటే లోపం: నాయన శరీరం ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. ఎర్రగుంట్ల దాటంగానే "ఆపప్పా ఉస్మానూ" అన్నాడు. కడప ముందర ఒకసారి, తరవాత ఒకసారి. ఇత్తడిచెంబు అంటే ఆయనకు నామోషీ. కరణం చెంబులో పోస్తాడా? కంపచెట్టు కావల్ల. ఆపినప్పుడల్లా బాలసుబ్బయ్య దిగి, ఆయనకు చెప్పులు తొడిగి, ముండ్లు ఏరి, చేయిపట్టుకోని నడిపించాలి. అన్న ముందుసీటులోనుంచే, "నిదానం సుబ్బా, నాయన జాగ్రత్త," అని భారం పంచుకున్నాడు.

"మీ అన్నకు నోరు నొప్పి పుట్టదా?" అన్నాది పద్మావతమ్మ మెల్లగా. దోవ పొడుగునా ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

రాత్రికి తిరుపతి సత్రంలో కింది గదే దొరికింది. తెల్లవారి దేవస్థానం బస్సులో కొండెక్కినారు. మలుపు మలుపుకూ అన్న "గోవిందా" అన్నాడు. అమ్మ నోటికి నిమ్మకాయ అడ్డంపెట్టుకోని స్వామిని మనసులోనే తలుచుకున్నాది. పైన దిగంగానే అసలు తగాదా పెట్టినాడు నాయన.

"నేను డోలీ ఎక్కను. బతికుండంగా నన్ను మనుషులు మోసేదేంది? ఒకప్పుడు మెట్లదోవలో నడిచొచ్చినోణ్ణి."

"నాయనా, అప్పుడు మీకు ముప్పై ఏండ్లు."

"ఇప్పుడు కాదంటావా?"

ఎట్టకేలకు అమ్మ ఎక్కితే తానూ ఎక్కుతానన్నాడు. ఆ పొద్దు కొండమీది సత్రం వసారాలో బాలసుబ్బయ్య స్టవ్వు వెలిగించి, గొట్టం ఉడకబెట్టి, చల్లార్చి, సూది వేసినాడు. ముందు ఆకులో ఉప్మా వడ్డించి నాయన ముందర పెట్టి, ఆయన మొదటి ముద్ద కలపడం చూసినాకనే వేసినాడు. అంతవరకూ ఏ లోపమూ లేదు. అంతలో వాకిట్లో డోలీమనుషులు వచ్చి, "ఇద్దరు ముసలోళ్లకు రెండు డోలీలా, ఒకటా?" అని రచ్చ పెట్టుకున్నారు. బాలసుబ్బయ్య అటు తిరిగి మాట్లాడి వచ్చేసరికి ఆకు ఖాళీ. నాయన మూతి తుడుచుకుంటాండాడు.

తొందరగా తిన్నాడే అనుకున్నాడు గానీ అనుమానపడలేదు. తాలూకా ఆఫీసులో ఇన్నేండ్లు పనిచేసి కరణాలను నమ్మడం ఆయన చేసిన తప్పు.

గుడి ముందర డోలీలు దించి వరసలో నిలబడినారు. జనం బాగానే ఉంది. పొద్దెక్కింది. నాయనకు కాళ్లకింద బండ తగలకుండా మెత్తగుడ్డలు చుట్టిపెట్టినాడు బాలసుబ్బయ్య. ముసలాయన డోలీలోనే కూర్చోని జపం చేసుకుంటాండాడు. ఉన్నట్టుండి జపం ఆగింది. నుదురంతా చెమట. చేతులు వణుకుతాండాయి. కండ్లు ఎటో చూస్తాండాయి.

"రేయ్! లింగాలోళ్లు శిస్తు కట్టినారా?" అని గట్టిగా అరిచినాడు. "కట్టని నాకొడుకులను కొండ కిందికి దొర్లిస్తా! గోవిందా!"

చుట్టూ జనం తిరిగి చూసినారు. ముందు ఒక ముసలామె చేతులు జోడించి, "ఆవేశం వచ్చినాది తండ్రికి," అన్నాది. అంతే. వెనకోళ్లు ముందుకు తోసుకొచ్చినారు. ఒకాయన డోలీ కింద సాష్టాంగపడినాడు. ఎవరో ఒకామె తన కూతురికి సంబంధం ఎప్పుడు కుదురుతాదని అడిగినాది. "శిస్తు కట్టు!" అన్నాడు మల్లికార్జునయ్య. ఆమె శానా సంతోషించి, ముడుపు బాకీ ఉందని ఒప్పుకున్నాది.

బాలసుబ్బయ్య ముందుకు దూరబోతే చేయి అడ్డం పడింది. ఎవరిదో కాదు, అన్నది.

"ఆగరా, స్వామి పలుకుతాండాడు," అని, డోలీ మీదికి వంగి, ప్లీడరు గొంతు తగ్గించి అడిగినాడు: "స్వామీ, అప్పీలు మనపక్క అవుతాదా?"

"అన్నా, తియ్యి చెయ్యి! అది స్వామి కాదు, సూది! నాయన తినలేదు!"

"నువ్వు నాస్తికుడివి ఎప్పుడైనావురా?"

పద్మావతమ్మ తన డోలీలోనుంచి అంతా చూస్తాండాది. నడవలేని మనిషి, చేతికర్రతో పెద్దకొడుకు మోకాలిచిప్ప మీద ఒక్కటి పెట్టినాది. చేయి తొలగింది. బాలసుబ్బయ్య బొడ్లోని కలకండ తీసి నాయన దవడలో పెట్టి, "నమలండి నాయనా, స్వామి ప్రసాదం," అన్నాడు. ప్రసాదం అనంగానే ముసలాయన నమిలినాడు. ఇంకొంచెం, ఇంకొంచెం. చుట్టూ జనం, "ఏం మనిషప్పా, పలికే స్వామి నోరు మూస్తాండాడు," అని తిట్టినారు.

కొంచెంసేపటికి చెమట ఆరింది. నాయన చుట్టూ చూసి, "వీళ్లందరూ యాడ నుంచి వచ్చినారురా?" అన్నాడు. పక్కకు తీసకపోయి పెరుగన్నం పెట్టినారు. తినేటప్పుడు నిజం బయటపడింది. స్వామిని చూసేదాకా ఎంగిలిపడకూడదని మనసులో మొక్కుకోని, ఉప్మా ఆకుతోసహా వసారా పక్క ఆవుకు వేసినాడంట.

"సూదన్నా వద్దనాల్సింది కదా నాయనా?"

"సూది తిండి కాదు కదరా. అది వేయించుకుంటే మొక్కు చెడుతాదా?"

బాలసుబ్బయ్యకు ఏడుపొచ్చినంత పనైంది, కానీ ఏడిచే తీరిక యాడిది? వరసలో మళ్లీ నిలబడాలి. ఈసారి నాయన డోలీలో నోరెత్తకుండా కూర్చున్నాడు. గుడివాకిట దిగి, కొడుకులిద్దరూ చెరో రెక్క పట్టుకుంటే నడిచినాడు. లోపల దీపాల వెలుగులో ఒక్కక్షణం, అంతే, వెనకనుంచి జరగమన్నారు. ఆ ఒక్కక్షణంలో నాయన చిన్నకొడుకు చేయి గట్టిగా నొక్కినాడు. వేళ్లకు స్పర్శ తెలియదని హబీబుల్లా చెప్పిన మనిషి. బాలసుబ్బయ్య స్వామిని సరిగ్గా చూడనేలేదు.

జమ్మలమడుగు చేరేలోపలే కథ చేరింది. అన్న మోసుకొచ్చినాడు: "కొండమీద నాయన మీద స్వామి వాలినాడు. నేను పక్కనే ఉండి అడిగినా." కలకండ సంగతి ఆయన కథలో లేదు. మోకాలిచిప్ప సంగతీ లేదు. కుంటుతాండేది మాత్రం మొక్కుబడని చెప్పుకున్నాడు. అప్పీలు పోయింది, అది వేరే సంగతి.

ఇంక బాలసుబ్బయ్య ఇంటికి జనం తయారైనారు. తాలూకాలో నడవలేని ముసలివాళ్లు అంతమంది ఉండారని ఆయనకు అప్పుడే తెలిసింది. ఒకరి తల్లికి ఆయాసం, ఒకరి తండ్రికి గుండెదడ. ఆయన కసురుకునేవాడు, విసుక్కునేవాడు, తరవాత వాకిలి మెట్లులేని ఇండ్ల వివరం చెప్పేవాడు, హబీబుల్లా దగ్గరికి పంపేవాడు, ఉస్మాన్‌ను మాట్లాడిపెట్టేవాడు. సూది వేసుకునేవాళ్లయితే మాత్రం, "చివరి ముద్ద మింగేదాకా కండ్లు తిప్పొద్దు, పక్కన ఆవు ఉంటే తోలేయండి," అని చెప్పేవాడు.

ఒకనాడు కొండాపురం నుంచి వనజమ్మ అని ఒకామె వచ్చినాది.

"మా మామను కొండకు తీసకపోతాండామప్పా. మీ నాయనకు అయినట్లే మా మామ మీదికి కూడా స్వామి రావల్ల. దానికేం చేయాలో చెప్పు."

"మీ మామకు చక్కెరజబ్బు ఉందా?"

"లేదే!"

"అయితే రాడమ్మా," అన్నాడు బాలసుబ్బయ్య. "దర్శనం మాత్రం అవుతాది. సర్దుకోండి."