డెబ్బై ఐదా, డెబ్బై ఆరా

ఆమె మా వృద్ధుల హోంకు వచ్చింది 2024 నవంబర్‌లో. నిజామాబాద్ రైల్వే స్టేషన్‌లో దిక్కు తోచక కూర్చుని ఉంటే పోలీసులు తెచ్చి దిగబెట్టారట. నేను ఆ హోంలో సాయానికి చేరింది మరుసటి మే నెలలో. లెక్కల టీచరుగా రిటైరయ్యాను, ఇంట్లో అందరి పనికీ వంకలు పెడుతున్నానని మా వాళ్లే అక్కడికి తరిమారు.

ఆమె మతిమరుపు మనిషి. పేరు అడిగితే నవ్వేది. ఊరు అడిగితే "కాలువ పక్కన" అనేది. నిజాంసాగర్ కాలువ పక్కన ఊళ్లు కొన్నా? అన్నం ముందు మాత్రం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేది. వయసు ఎంతమ్మా అంటే ఒక్కటే జవాబు, తడుముకోకుండా:

"నలభై ఎనిమిదిల పుట్టిన బిడ్డా."

నెలా తేదీ తెలియవు. మిగతావన్నీ పోయి ఆ ఒక్క సంవత్సరం ఎలా మిగిలిందో నాకు తెలియదు. ఎన్నిసార్లు అడిగినా మారలేదు కాబట్టి నమ్మాను.

ఆమె ఇంటి వాళ్లు ఎక్కడో ఒకచోట తప్పిపోయిందని ఫిర్యాదు ఇచ్చే ఉంటారు. అది దొరికితే ఇల్లు దొరికినట్టే. మరి ఆరు నెలలుగా ఎందుకు దొరకలేదు? ఈ సంగతి చూసే కానిస్టేబుల్‌ను అడగడానికి పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. కుర్రాడు మర్యాదస్తుడే, కుర్చీ వేశాడు.

"అప్పుడే సూసిన మేడం. డెబ్బై ఆరేండ్ల ముసలామె అని కంప్యూటర్ల కొట్టిన. జిల్లాల ఎవ్వలి కంప్లైంటు కలువలే."

"డెబ్బై ఆరు అని ఎవరు చెప్పారు?"

"మీ హోం కాగితంలనే ఉంది. ఇరవై నాలుగులకెల్లి నలభై ఎనిమిది తీసేస్తే గంతే కదా?"

నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు పిల్లలకు తీసివేతలు చెప్పి, చివరికి ఇది వినాలా?

"పుట్టినరోజు దాటితే డెబ్బై ఆరు. దాటకపోతే?"

అతను వేళ్లు మడిచి లెక్క చూశాడు. "డెబ్బై ఐదు."

"దాటిందని నీకు ఎవరు చెప్పారు? నవంబర్‌లో తప్పిపోయింది. డిసెంబర్‌లో పుట్టి ఉంటే?"

"అయితే ఇప్పుడు డెబ్బై ఆరు, డెబ్బై ఏడు కొట్టాలె గద మేడం? సంవత్సరం మారింది."

తెలివైన వాడే, కానీ మళ్లీ తప్పు. ఫిర్యాదులో ఉండేది ఈనాటి వయసు కాదు, ఫిర్యాదు రాసిన నాటి వయసు. కాగితం మీద వయసు పెరగదు. పోయిన ఏడాది రాసి ఉంటే డెబ్బై ఐదో, డెబ్బై ఆరో అయి ఉండాలి. అలాగే చెప్పాను.

"ఎందుకొచ్చిన లొల్లి మేడం, డెబ్బై నుంచి ఎనభై దాంక కొట్టనా?"

"అలా కొడితే ఎన్ని ఫోటోలు వస్తాయో చూడు. ముందు ఈ రెండూ చూడు. అందులో లేకపోతే అటూ ఇటూ ఒక్కో ఏడాది పెంచు. ఇంటి వాళ్లు సరిగ్గా చెప్పకపోయి ఉండొచ్చు."

పెంచాల్సిన పని పడలేదు. డెబ్బై ఐదు అని కొడితే బోధన్ వైపు ఊరి నుంచి ఒక ఫిర్యాదు ఉంది, నవంబర్‌లోనే ఇచ్చింది. ఫోటోలో బుగ్గలు నిండుగా ఉన్న మనిషి, పెద్ద కొప్పు. మా దగ్గర ఉన్నది జుట్టు కత్తిరించిన, చిక్కిపోయిన మనిషి. ఎడమ కనుబొమ్మ మీది పుట్టుమచ్చ మాత్రం రెండు చోట్లా ఉంది. కానిస్టేబుల్ అప్పటికే ఫోను తీశాడు.

మధ్యాహ్నానికల్లా కూతురు మా హోంకు వచ్చింది. చెరకు చేను నుంచి సరాసరి వచ్చినట్టుంది, చీర అంచుకు మట్టి. "అవ్వా" అంటూ కాళ్ల దగ్గర కూలబడింది. తల్లి గుర్తు పట్టలేదు, కానీ తల నిమిరింది. ఎవరు ఏడ్చినా ఆమె అంతే చేసేది.

కాగితాలు రాస్తున్నప్పుడు, ఉండబట్టలేక, తల్లి పుట్టింది ఏ రోజని కూతుర్ని అడిగాను.

"క్రిస్మస్ తెల్లారి మేడం. పోలీసోళ్లకు డెబ్బై ఐదు అని చెప్పింది అందుకే, అప్పటికి ఇంకా నిండలే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "గా రోజు ఇంట్ల కేకు కోసినం. పిల్లలు వద్దన్నరు. అవ్వ ఏడున్నదో, అన్నం తిన్నదో లేదో, దేవుడన్న సూస్తడని నేనే కోసిన."

వాళ్ల ఊరు మాకు బస్సులో గంట దూరం. ఆ పుట్టినరోజున తల్లి ఏం చేసిందని మా హోం ఆయాను అడిగాను. ఆయాకు గుర్తుంది. క్రిస్మస్ నాడూ, మరునాడూ గేటు దగ్గరే కూర్చుందట, లోపలికి రమ్మంటే "మా వాళ్లొస్తరు" అందట.