పక్కకు తిరిగిన ముఖాలు

జగిత్యాలలో మాది పెళ్లి వీడియోల స్టూడియో. కెమెరా పని మా ఆయనది, కంప్యూటర్ పని నాది. చనిపోయినవాళ్లను పెళ్లి వీడియోలో చూపించమని ఈ మధ్య అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అడిగిన ప్రతివాళ్లనూ నేను అనుమానంగానే చూస్తాను. "నువ్వు దేవుడు అచ్చినా ఆధార్ కార్డు అడుగుతవ్" అంటాడు మా ఆయన. అడుగుతాను మరి, ఎందుకు అడగను?

కోరుట్ల పెళ్లికొడుకు ఒకడు షూటింగ్ మాకే ఇచ్చాడు. గురువారం పెళ్లి అని రిజిస్టర్‌లో రాసుకున్నాం.

"మా అక్క సచ్చిపోయి రెండేండ్లయింది మేడం. పుస్తెకు ఆడిబిడ్డ ఏసే మూడో ముడి మా మేనమామ బిడ్డ ఏస్తది. వీడియోల గామె మొఖం కాడ మా అక్క మొఖం రావాలె" అన్నాడు. ఇద్దరి వీడియోలూ పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. మా కంప్యూటర్ మూడు రోజులు ఆగకుండా నేర్చుకుంటే తప్ప ముఖం కుదరదు, అందుకే ముందుగా తెమ్మన్నాను.

పని ఇలా ఉంటుంది. వీడియోను ఫ్రేములుగా విడగొడితే, సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేములో ముఖాన్ని వెతికి, కళ్లూ ముక్కూ ఒక వరుసకు తెచ్చి, చదరంగా కత్తిరించి ఇస్తుంది. ఇద్దరి ముఖాలనూ ఒకే ఎన్‌కోడర్ చూసి నేర్చుకుంటుంది. తిరిగి గీసే డీకోడర్ మాత్రం ఎవరికి వాళ్లదే. మేనమామ కూతురి ముఖాన్ని అక్క డీకోడర్‌కు ఇస్తే, అదే చూపుతో, అదే నవ్వుతో అక్క ముఖం వస్తుంది. మసక బొమ్మలు పెడితే మసక ముఖమే గీస్తుంది. మరీ పక్కకు తిరిగినవైతే ఒక కన్నే కనిపిస్తుంది, కత్తిరింపు వంకర పోతుంది. అలాంటివన్నీ ఏరి పారేయాలి. బియ్యంలో రాళ్లు ఏరడమే అనుకోండి, కాకపోతే వేలల్లో.

అక్క ముఖాలు ఏరుతుంటే నా మనసు కీడు శంకించింది. ఉన్నవి మూడే వీడియోలు. మూడింట్లోనూ అదే చీర, అదే గుమ్మం, అదే ఎండ. చనిపోయిన మనిషికి ఒక్క పండుగ వీడియో, ఒక్క పెళ్లి వీడియో ఉండదా? రకరకాల వెలుతుర్లో ఉన్నవి కావాలని ఫోన్ చేస్తే "గంతే ఉన్నయి మేడం" అని పెట్టేశాడు.

పైగా సగానికి సగం పారేయాల్సినవే. నవ్వబోతూ గిరుక్కున పక్కకు తిరిగిపోయిన ముఖాలు. కెమెరా చూసి ముఖం దాచుకుంటోందా? వీడెవడో ఆమెకు ఇష్టం లేకుండా తీశాడా? అమ్మో, ఇదేదో పాడుపని కాదు కదా! నా ఒళ్లు మండింది.

మా పనిలో శబ్దం అక్కర్లేదు కాబట్టి ఎప్పుడూ వినం. ఆ రోజు అసలు వీడియో తెరిచి వాల్యూమ్ పెంచాను.

"అమ్మనే పంపిందారా నిన్ను?" అంటోంది ఆమె.

"ఆఁ, అమ్మనే. ఐతారం పెండ్లి, కోరుట్లల్నే. గిటు జూడే అక్కా, నవ్వు." అది పెళ్లికొడుకు గొంతే. చచ్చి రెండేళ్లయిందన్న అక్కను, మా రిజిస్టర్‌లో గురువారం ఉన్న పెళ్లికి ఆదివారం రమ్మంటున్నాడు!

ఆమె గిరుక్కున లోపలికి తిరిగింది. "ఇగో, ఇన్నవా! అమ్మ పెండ్లికి రమ్మన్నది!" ఇటు చూసి నవ్వడం, మళ్లీ లోపల ఉన్న భర్తకు చెప్పడానికి తిరగడం. నేను రెండు రోజులుగా పారేస్తున్నది ఆ సంతోషాన్ని.

వాడిని పిలిపించాను. "సచ్చిపోయిందన్నవ్ గద?"

"మా కులం కానోన్ని చేసుకొని సిరిసిల్ల పోయింది. మాకు సచ్చినట్టే" అన్నాడు తడుముకోకుండా. "అమ్మ మంచంల వడ్డది, మండపం దాక రానీకి చాతగాదు. బిడ్డ రాంది పెండ్లే వద్దని మొండికేసింది. అచ్చి ముడి ఏసి పోయిందని వీడియోల చూపిస్తే సాలు."

"మరి ఐతారం అని ఎందుకు జెప్పినవ్?"

"నిజం జెప్తే రాదా మరి?"

సిగ్గులేని జన్మ! వాడి ఎదుటే ముఖాల ఫోల్డర్ చెరిపేసి, పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి పొమ్మన్నాను. కరీంనగర్‌లో చేయించుకుంటానని అరుచుకుంటూ పోయాడు. షూటింగ్ కూడా పోయిందని మా ఆయన తల పట్టుకున్నాడు. పోతే పోయింది.

వీడియోలో ఆమె వెనక గోడకు 'బ్లౌజులు కుట్టబడును' అని చిన్న ఫ్లెక్సీ, కింద నంబర్ ఉన్నట్టు గుర్తు. అసలు వీడియో ఇంకా నా కంప్యూటర్‌లోనే ఉంది. నంబర్ చూసి ఫోన్ చేశాను. వీడియోల స్టూడియో నుంచి అని చెప్పి, "మీ తమ్ముని పెండ్లి ఐతారం గాదమ్మా, బేస్తారం" అన్నాను.

ఆ ఒక్క మాటతో తమ్ముడి మోసం ఆమెకు అర్థమైందనుకున్నాను.

"అయ్యో, పాపం! పెండ్లి పనులల్ల ఆగమై మర్సిపోయి జెప్పిండేమో పోరడు" అంది. "మంచిగ జెప్పినవ్ అక్కా. లేకుంటే మా అమ్మ నా కోసం ఎదురుజూసుకుంటనే ఉంటుండె."

అసలు సంగతి నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "పొద్దుగాల్నే పో బిడ్డా. ముందుగాల అమ్మ కాడికి పో" అన్నాను.