ఆయ్ అంటే నీళ్ళు కాదు

“నెత్తి చుర్రుమంటోందండి. కడిగేయరా?” అంది పెళ్ళికూతురు, బేసిన్ మీద మెడ వాల్చి.

నేను కుళాయి తిప్పి పట్టుకునే ఉన్నాను. షవరు గొట్టంలోంచి దారమంత నీళ్ళు వచ్చి, గుర్రుమని ఆగిపోయాయి. క్రీం పెట్టడం అయ్యేసరికే కరెంటు పోయింది. తల నిండా స్ట్రెయిటెనింగ్ క్రీం. ఒక వెంట్రుక లాగి చూస్తే రబ్బరులా సాగుతోంది. అంటే కడిగేయాల్సిన సమయం వచ్చేసినట్టు. ఇంకా ఉంచితే జుట్టు దువ్వెనకే ఊడి వచ్చేస్తుంది.

అమలాపురంలో మా పార్లరు ఒక మేడ కింది గదుల్లో ఉండేది. యజమానురాల్ని నేను అక్కా అనేదాన్ని. ముహూర్తాల రోజులు కావడంతో, ఆవిడ ఇంకెవరో పెళ్ళికూతుర్ని ముస్తాబు చేయడానికి తెల్లవారుతూనే కొత్తపేట వెళ్ళిపోయింది. పార్లరు నా మీద పడింది. కాలువలు కట్టేసిన ఎండాకాలం, మునిసిపాలిటీ కుళాయి వచ్చినా రానట్టే.

ఇలాంటి రోజు కోసమే అక్క నాకు అన్నీ ముందే చెప్పి పెట్టింది. కరెంటు పోతే ఇన్వర్టరు మీద లైట్లు, ఫాన్లు మాత్రమే. డ్రయ్యరుకీ, జుట్టు ఇస్త్రీ చేసే రాడ్డుకీ వెనకాల చిన్న జనరేటరు. రాడ్డు పాడైతే అలమరలో ఇంకోటి. బేసిన్ పక్క నీలం డ్రమ్ములో ఎప్పుడూ నిండా నీళ్ళు. కరెంటు లేనప్పుడు కొత్తగా ఎవరికీ క్రీం పెట్టకూడదు, అప్పటికే తల మీద మందు ఉన్న మనిషిదే మొదటి వంతు. ఎవరెంత గొణిగినా సరే.

పొద్దున జనం ఎక్కువై, తలలు కడిగి కడిగి ఆ డ్రమ్ము అడుగంటింది. అందుకే మెట్ల దగ్గర నిలబడి పైకి కేకేశాను.

“బాబాయిగారూ, మోటారు వేసేయండి. డ్రమ్ము నింపుకోవాలి.”

పైనుంచి ఇంటి యజమాని గొంతు వినిపించింది. “ఆయ్.”

ఆయ్ అన్నారు కదా, ట్యాంకు నిండుతోంది కదా అనుకుని పెళ్ళికూతురికి క్రీం మొదలుపెట్టాను. రాజోలు నుంచి పిన్నిని వెంటబెట్టుకుని వచ్చిన అమ్మాయి. వచ్చే వారం చర్చిలో పెళ్ళి. ముసుగు కింద జుట్టు జారిపోయేలా తిన్నగా ఉండాలని ఎన్నాళ్ళ నుంచో కోరికట.

ఇప్పుడేమో ఖాళీ గొట్టం పట్టుకుని నేను, మెడ వాల్చి తను. పరిగెత్తి వెళ్ళి మెట్ల మీద నుంచి అడిగాను.

“బాబాయిగారూ, మోటారు వేసేరా లేదా?”

ఆయన తాపీగా కిందికి దిగి వచ్చేరు. “ఎక్కడేసేనమ్మా? పూజయ్యేక వేద్దామనుకున్నాను. ఈలోగా కరెంటు పోయింది.”

“ఆయ్ అన్నారు కదండీ.”

“అన్నాను. నువ్వు పిలిస్తే పలకనేంటి?”

ఆ మాటకి నాకు ఏడుపొకటే తక్కువ. విన్నానమ్మా అని ఆయన అన్నదాన్ని నేను వేసేశానమ్మా అని విన్నాను. పుట్టిన దగ్గర నుంచీ ఈ ఊరి మాటే మాట్లాడుతున్నదాన్ని, నాకైనా తెలియాలి కదా.

“పోనీ పెరట్లో బోరింగు ఉంది. రెండు బకెట్లు కొట్టిస్తాను,” అన్నారాయన.

“వద్దండి.”

“ఏం, మా బట్టలు ఆ నీళ్ళతోనే ఉతుకుతున్నాం.”

“అందుకేనండి. మీ పంచె చూడండి, తుప్పు పట్టినట్టు పచ్చగా అయిపోయింది. ఇనుప నీళ్ళు ఈ క్రీంకి తగిలితే ఊదారంగు తేలుతుందని అక్క చెప్పింది.”

ఆయన పంచె అంచు వేళ్ళతో పైకెత్తి చూసుకున్నారు.

లోపలికొచ్చి పొడి తువ్వాలుతో జుట్టు మీది క్రీం తుడవడం మొదలుపెట్టాను. ముందు నెత్తి దగ్గర, తర్వాత కిందికి, గట్టిగా లాగకుండా. “పిన్నిగారూ, ఎదురుగా టిఫిన్ హోటల్లో మంచినీళ్ళ క్యాన్లు ఉంటాయి. నా పేరు చెప్పి తెప్పించండి,” అన్నాను.

“మేం డబ్బిచ్చి నీళ్ళు మోసుకోవాలా ఇక్కడ?” అంటూనే ఆవిడ చెప్పులేసుకుంది.

పక్క కుర్చీలో మా వీధి చివరావిడ ముఖం నిండా ప్యాకుతో ఉంది. అది ఎండి బిగిసిపోవడంతో పెదవులు కదపకుండా మాట్లాడుతోంది. “నేను ముందొచ్చేను. ముందు నాకు కడగాలి.”

“మీకు తడి దూదితో తుడుస్తానండి. నీళ్ళు ఈ అమ్మాయికి.”

“మొహం పగిలిపోతోందే.”

“మాట్లాడితేనే పగులుతుందండి. మాట్లాడకండి.”

పిన్నిగారు వెనక్కి వచ్చింది. వెనకే హోటలాయన రెండు క్యాన్లు చెరో భుజం మీద పెట్టుకుని వచ్చి దింపేరు. మగ్గుతో పోస్తూ పిన్నిగారు, వేళ్ళతో దులుపుతూ నేను, జిగురు పోయేదాకా కడిగాం. పెళ్ళికూతురు కళ్ళు మూసుకుని ఏదో ప్రార్థన చేసుకుంటోంది. “మంట తగ్గిందా?” అని అడిగితే తల ఊపింది. దువ్వెనకి ఒక్క కుచ్చు కూడా రాలేదు. నాకు కొంచెం ఊపిరి ఆడింది.

ఇక డ్రయ్యరు, ఇస్త్రీ. కడిగిన జుట్టు ఆరబెట్టి, పాయ పాయగా రాడ్డుతో తిన్నగా ఇస్త్రీ చేశాక రెండో మందు రాయాలి. అది జుట్టుని ఉన్న ఆకారంలో బిగిస్తుంది. జనరేటరు తాడు లాగాను. ఒకసారి దగ్గింది. రెండోసారి లాగితే తాడు తెగి నా చేతిలోకి వచ్చింది.

“అదేంటండీ, చేతికొచ్చేసింది?” అంది పిన్నిగారు, కిటికీలోంచి.

అక్కకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అటు పక్కన సన్నాయి మోగుతోంది. “మందు పోయింది కానీ జుట్టు మెత్తగా ఉంది, ఎక్కువసేపు తట్టుకోలేదు,” అంది అక్క. “కరెంటు కోసం కూర్చోకు. ముడి వేయొద్దు, చెవి వెనక్కి తోయొద్దు. దువ్వెనతో తిన్నగా పట్టి రెండో మందు రాసేయ్. నున్నగా రాకపోతే పోనీ.”

“వాళ్ళు ఒప్పుకోరక్కా.”

“జుట్టు ఉంటే మళ్ళీ ఎప్పుడైనా ఒప్పుకుంటారు.”

పిన్నిగారి చేతికి విసనకర్ర ఇచ్చి, తువ్వాలుతో అద్ది, దువ్వి దువ్వి రెండో మందు పూర్తిగా రాశాను. చివరి పాయ వదిలానో లేదో, ఫాన్లు జోరందుకున్నాయి. కరెంటు వచ్చింది. పైన మోటారు కూడా మొదలైంది, ఇప్పుడు. కోపంతో దువ్వెన బల్ల మీద విసిరేశాను. వీధి చివరావిడ ఎండిన ప్యాకు లోంచే నవ్వబోయి, చెంప మీద బీట పడితే మానేసింది.

రెండో మందు కడిగి ఆరబెట్టాక జుట్టు మెత్తగానే ఉంది, కానీ చివర్లు వంపు తిరిగి ఉన్నాయి. రాడ్డు వేసినా పైపై నునుపే.

పిన్నిగారు ఆ వంపులు వేలితో చుట్టి చూసింది. “మేం అడిగింది ఇది కాదండి.”

“కాదండి,” అన్నాను. “మళ్ళీ ఇప్పుడే మందు పెడితే జుట్టు పాడవుతుంది. పెళ్ళి రోజు నేనే వచ్చి రాడ్డు వేస్తాను.”

పెళ్ళికూతురు అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. “పొద్దున్నే రావాలండి మరి,” అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున తాళం తీయకముందే మెట్ల దగ్గర నిలబడి కేకేశాను.

“బాబాయిగారూ, మోటారు వేసేరా?”

“ఆయ్.”

ఆ మాట నమ్మి తాళం తీయడానికి వెనక్కి తిరగలేదు. చెప్పులు కిందే వదిలి, ఆయన గుమ్మం దాటి, డాబా మీదికి ఎక్కాను. ట్యాంకు మూత పక్కకి జరిపి, మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి చూశాను.